ఆగిన ముట్టు మళ్లీ కనబడితే

లింగంపల్లిలో మా చదువుల కేంద్రానికి ఒక పెద్దమ్మ వస్తుంది. ఆమెకు 51 ఏళ్లు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు ఊడ్చే పని చేస్తుంది. అంకెలు నేర్చుకున్నప్పటి నుంచి ముట్టు వచ్చిన తేదీకి క్యాలెండర్ మీద సున్న చుడుతుంది.

2024 ఫిబ్రవరిలో ఒకరోజు ఆ పాత క్యాలెండర్లు పట్టుకుని వచ్చింది.

"బిడ్డా, ముట్టు బందయిందనుకున్న. నిన్న చీరకు మరకయింది. మళ్ల మొదలైందా?"

ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. 2022 మార్చి 10న ఒక సున్న ఉంది. తర్వాత ఏడు నెలలు ఏమీ లేదు. అక్టోబరు 14న మళ్లీ సున్న ఉంది. ఆ వయసులో ముట్టు ఇట్లా తప్పితప్పి రావడం మామూలే. కాని మధ్యలో వస్తే పాత లెక్క కొట్టేయాలి. అక్టోబరు 14 నుంచి కొత్తగా మొదలుపెట్టాలి. 2023 అక్టోబరు 14 దాకా ఒక్క సున్నా లేదు. వరుసగా 12 నెలలు నిండాయి. అంటే ముట్లుడిగినట్టే. డాక్టర్లు దీన్ని మెనోపాజ్ అంటారు.

"అయితే నిన్నటిది ముట్టు కాదు, పెద్దమ్మా" అన్నాను.

ఎందుకు కాదు? నెలనెలా గర్భసంచి లోపల ఒక పొర పెరుగుతుంది. అది ఊడి రక్తంతో బయటికి వస్తే ముట్టు. ముట్లుడిగాక ఆ పొర పెరగదు, పలచబడుతుంది. రాలడానికి ఏమీ ఉండదు. అయినా రక్తం కనబడిందంటే దానికి వేరే కారణం ఉంది.

"ఒక్క చుక్కే గదా! నొప్పి గూడ లేదు. వేడి చేసిందట, సబ్జా నీళ్లు తాగమంది పక్కింటామె."

ఇక్కడే చాలామంది మోసపోతారు. గర్భసంచి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. ఒక్క చుక్కే దాని గుర్తు కావచ్చు. అట్లాగని భయపడొద్దు. ఇట్లా రక్తం కనబడిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది క్యాన్సర్ కాదు. పొర ఎండి పలచబడడమో, లోపల చిన్న కండ పెరగడమో కారణం అవుతుంది. కాని ఏదో తెలియాలంటే పరీక్ష చేయాలి. చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

"గర్భసంచి తీసేస్తరా?" అని ఆమె భయం. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువే. అందుకే ముందు పరీక్ష, తర్వాతే ఆపరేషన్ మాట అని చెప్పాను.

సర్కారు దవాఖానకు ఇద్దరం పోయాం. డాక్టరమ్మ లోపల చూసింది. తర్వాత స్కానింగ్ చేశారు. పొర మందం 4 మిల్లీమీటర్లు దాటకపోతే క్యాన్సర్ భయం చాలా తక్కువట. అట్లా ఉన్నా రక్తం మళ్లీ కనబడితే మళ్లీ రావాలట. పెద్దమ్మకు 9 ఉంది. సన్నని గొట్టంతో పొరలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. తీసేటప్పుడు ముట్టునొప్పిలా కొంచెం పట్టేసిందట.

క్యాన్సర్ కాదని తేలింది. పొర అక్కర్లేకుండా పెరిగింది. అట్లాగే వదిలేస్తే కొందరిలో ముందుముందు క్యాన్సరుగా మారవచ్చట. మాత్రలు రాశారు. ఆరు నెలలకు మళ్లీ ముక్క తీసి చూస్తామన్నారు. పెద్దమ్మ ఇంటికి రాగానే ఆ తేదీకి సున్న చుట్టింది.