లేని వ్యాసం దేనికి సాక్ష్యం?

సెమినార్‌కి ఎవరో ఒక పరిశోధన సారాంశం ఇచ్చారు. చివరి ఆధారాల పట్టికలో ఒక వ్యాసం ఎంత వెతికినా దొరకలేదు. "ఇది యంత్రం రాసిందే" అనే మాట ఇప్పుడు వెంటనే వచ్చేస్తోంది. ఆ ఒక్క మాటతో ఒకమ్మాయి మార్కులూ పోతాయి, పేరూ పోతుంది. కాబట్టి ఆ దొరకని వ్యాసం నిజంగా ఏం రుజువు చేస్తుందో చూద్దాం.

అనుమానం ఊరికే పుట్టలేదు. 2023లో వాల్టర్స్, వైల్డర్ అనే ఇద్దరు చాట్ జీపీటీ చేత 42 విషయాల మీద చిన్న వ్యాసాలు రాయించి, వాటిలోని ఆధారాలను ఒక్కొక్కటిగా వెతికారు. జీపీటీ 3.5 ఇచ్చినవాటిలో 55 శాతం అసలు లేనివే. జీపీటీ 4లో అది 18 శాతం. ఆ యంత్రం ఏ కేటలాగూ తెరిచి చూడలేదు మరి. ఏ మాట పక్కన ఏ మాట రావడం సహజమో ఆ లెక్కన పేర్చుకుంటూ పోయింది. ఆధారం అడిగితే, ఆధారంలా కనిపించేది ఇచ్చింది.

కానీ లేని వ్యాసాలను మనుషులూ ఉదహరించారు. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ, ఆధారం ఏ పద్ధతిలో రాయాలో రచయితలకు చూపించడానికి వాన్ డెర్ గీర్ మొదలైనవారి పేర, 2000 సంవత్సరం వేసి, ఒక ఉత్తుత్తి వ్యాసాన్ని నమూనాగా పెట్టింది. అది దాదాపు 400 పరిశోధన పత్రాల్లోకి నిజమైన ఆధారంలా ఎక్కేసింది! నమూనాను చెరపడం మరిచారో, చూడకుండా ఎత్తి రాశారో. ఈ సంగతి 2017లోనే బయటపడింది. అప్పటికి చాట్ జీపీటీ లేదు.

అంటే, లేని వ్యాసం కచ్చితంగా చెప్పేది ఒకటే: రాసినవాళ్ళు దాన్ని చదవలేదు. యంత్రం సంగతి తేలాలంటే తప్పు ఎలా పుట్టిందో చూడాలి.

అభ్యాసానికి నేనే ఒక దొంగ ఎంట్రీ కట్టాను, దయచేసి లైబ్రరీలో అడక్కండి: "గిడుగు వెంకట రామమూర్తి, వాడుక భాషలో క్రియలు, భారతి, 1919." చదవగానే నమ్మబుద్ధేస్తుంది. మనిషి నిజం, పత్రిక నిజం, విషయం ఆయనదే. కానీ భారతి మొదలైంది 1924లో. అంతకు ముందు ఐదేళ్ళ సంచిక ఎక్కడినుంచి వస్తుంది?

ఇక్కడే ఆగిపోకూడదు. 1919లో గిడుగువారు 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. నోట్సు రాసుకునేటప్పుడు ఒక అమ్మాయి ఆ పత్రిక పేరు బదులు భారతి అని వేసుకుని ఉండొచ్చు కదా? అలాగైతే 'తెలుగు' సంచికల్లో ఆ వ్యాసమో, దానికి దగ్గరిదో దొరకాలి. మనిషి తప్పుకి సాధారణంగా ఇలా ఒక వేరు ఉంటుంది, తవ్వితే అసలు వ్యాసం తగులుతుంది. యంత్రం కల్పించినదానికి చాలాసార్లు ఏ వేరూ తగలదు. పేరు ఒక చోటిది, పత్రిక ఇంకో చోటిది, శీర్షిక ఎక్కడిదీ కాదు. డీఓఐ నంబరు కొడితే సంబంధం లేని వ్యాసం తెరుచుకుంటుంది, లేదా ఏదీ రాదు. పట్టికలో ఇలాంటివి ఒకటి కాదు, నాలుగైదు ఉంటే అనుమానం బాగా బలపడుతుంది. అప్పుడు కూడా పట్టిక మాత్రమే యంత్రానిదై, సారాంశం ఆ అమ్మాయిదే కావచ్చు.

తెలుగు వాళ్ళం ఇంకో జాగ్రత్త పడాలి. మన పాత పత్రికలు చాలావరకు బైండు చేసిన సంపుటాల్లోనే ఉన్నాయి. నెట్‌లో దొరక్కపోతే లేదని కాదు. పేర్ల స్పెల్లింగ్ సంగతి సరేసరి. మా ఇంట్లో కన్నడం, తెలుగు రెండూ నడుస్తాయి, మా తాతగారి పేరే మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. వెతికేవాళ్ళు కనీసం రెండు మూడు స్పెల్లింగులు వేసి చూడాలి.

సారాంశం లోపలి కల్పిత విషయాలను పట్టుకోవడం ఇంకా కష్టం. ఆధారం నిజమే ఉంటుంది, కానీ "412 మందిని అడిగారు" అన్న లెక్క ఆ పత్రంలో ఎక్కడా ఉండదు. పత్రంలో 421 ఉంటే అది చేతి తప్పు అనుకోవచ్చు. మనుషులను అడగడమే లేని, కేవలం గ్రంథ పరిశీలన పత్రానికి 412 మంది అని రాస్తే, రాసినవాళ్ళు ఆ పత్రం చూడలేదనే లెక్క. ఇప్పటి యంత్రాల్లో కొన్ని నెట్‌లో వెతికి నిజమైన ఆధారాలే ఇస్తాయి కాబట్టి, పట్టిక శుభ్రంగా ఉన్నంత మాత్రాన మనిషే రాశారనీ చెప్పలేం.

అందుకని దిద్దేవాళ్ళు "యంత్రం రాసింది" అని కాకుండా "ఈ ఎంట్రీ ఫలానా చోట్ల వెతికాను, దొరకలేదు" అని రాస్తే బావుంటుంది. తర్వాత ఆ అమ్మాయినే అడగాలి: ఏ లైబ్రరీలో చూశావు, జిరాక్స్ ఉందా, ఫోన్లో ఫొటో తీసుకున్నావా, ఆ వ్యాసంలో నీకు నచ్చని మాట ఏది? చదివినవాళ్ళ దగ్గర వీటిలో ఒకటో రెండో జవాబులైనా ఉంటాయి.