కుందేళ్లే లింక్స్‌లను తిన్నాయా?

ప్రశ్న: వేటాడే జీవి, ఎర జీవి సమీకరణాలకు కెనడా కుందేళ్లు, లింక్స్ పిల్లుల లెక్కలే రుజువంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. కుందేళ్లు H, లింక్స్‌లు L అనుకుంటే లోట్కా–వోల్టెరా సమీకరణాలు ఇవి:

dH/dt = aH − bHL
dL/dt = cHL − dL

H ను అడ్డంగా, L ను నిలువుగా తీసుకుని గీస్తే (d/c, a/b) బిందువు చుట్టూ మూసుకున్న వలయం వస్తుంది. కుందేళ్లు d/c కంటే ఎక్కువున్నంత కాలం లింక్స్‌లు పెరుగుతాయి కనుక, ఆ వలయం గడియారం ముల్లుకు ఎదురుగానే తిరగాలి. హడ్సన్స్ బే కంపెనీ చర్మాల లెక్కలను 1973లో గిల్పిన్ పరిశీలిస్తే, కొన్నేళ్లపాటు అది తిరగబడింది. లెక్క ప్రకారం కుందేళ్లే లింక్స్‌లను తిన్నట్టు! అవి అమ్మిన చర్మాలే గాని అడవిలోని జంతువులు కావు, వేటగాళ్ల శ్రమ ఏటా మారుతుంది అనవచ్చు. ఆ అభ్యంతరం సరైనదే, కానీ అదే మాట రుజువునూ బలహీనపరుస్తుంది.

లెక్కలు పక్కాగా ఉన్నా నమూనాలోనే లోపముంది. ఒక గడ్డు చలికాలం జంతువులను వేరే వలయంలోకి నెడితే, పాత వలయానికి లాగే శక్తేదీ ఇందులో లేదు. అసలు అడవిలోనేమో దాదాపు పదేళ్ల చక్రం మళ్లీమళ్లీ నిలదొక్కుకుంటుంది. పోనీ కుందేళ్ల మేతకు పరిమితి పెడుతూ −eH² చేరిస్తే, వలయం సుడి తిరుగుతూ కేంద్రంలోకి కుంగి ఆగిపోతుంది. లింక్స్ కడుపు నిండాక వేట తగ్గుతుందన్న అంశం కూడా కలిస్తేనే, తగిన విలువల దగ్గర, స్థిరమైన వలయం పుడుతుంది. యూకాన్‌లోని క్లువానే ప్రయోగం కూడా మేతను, వేటను కలిపే చూడమంటుంది: మేత పెంచితే కుందేళ్లు సుమారు మూడింతలు, వేటాడే జంతువులను ఆపితే రెండింతలు, రెండూ చేస్తే పదకొండింతలు అయ్యాయి.