హోల్మియం గాజు చెప్పేదీ, చెప్పలేనిదీ

స్పెక్ట్రోఫోటోమీటరు డయలు మీద 361 నానోమీటర్లు అని ఉంటే, ద్రావణంలోకి పోయే కాంతి నిజంగా అదేనా? ఇది తేల్చడానికి హోల్మియం ఆక్సైడు కలిపిన గాజు ఫిల్టరు వాడతాం. ఆ గాజు సుమారు 361, 460, 536 వంటి కొన్ని చోట్ల కాంతిని ఎక్కువగా శోషిస్తుంది. కచ్చితమైన విలువలు దాని సర్టిఫికెట్టులో ఉంటాయి.

దీపం వెలిగించి అరగంట ఆగాలి. 355 నుంచి 367 దాకా అర నానోమీటరు చొప్పున జరుపుతూ, ప్రతిచోటా ముందు ఫిల్టరు లేకుండా సున్నా సరిచేసి, తర్వాత ఫిల్టరు పెట్టి చదవాలి. డయలును ఒకే వైపు తిప్పాలి. వెనక్కి తిప్పితే లోపలి వదులు వల్ల రీడింగు మారిపోతుంది. శిఖరాలు 363, 462, 538 దగ్గర వచ్చాయనుకోండి. తేడా అంతటా 2 కాబట్టి డయలు జరిగిందన్నమాట. తేడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటే లోపం తిప్పే యంత్రాంగంలో ఉంది. చీలిక వెడల్పైతే శిఖరాలు చదునైపోతాయి, పరీక్ష చెల్లదు.

అయితే దారితప్పిన కాంతిని ఈ గాజు పట్టివ్వలేదు. దానికి ఆ కాంతిని పూర్తిగా ఆపే పదార్థం కావాలి. లీటరుకు 50 గ్రాముల సోడియం నైట్రైటు ద్రావణాన్ని 1 సెంటీమీటరు క్యువెట్టులో పోసి, నీటితో పోల్చి, 340 దగ్గర చూస్తాను. అక్కడ కనిపించే ప్రసారమంతా దొంగ కాంతే. అది 1 శాతమైతే, నిజంగా 1 శాతమే పంపే ద్రావణం దాదాపు 2 శాతం పంపినట్టుంటుంది. శోషణ 2కి బదులు 1.7 వస్తుంది. బీర్ నియమపు గీత పైన వంగిపోతే ద్రావణాన్ని అనుమానించే ముందు ఈ పరీక్ష చేసి చూడాలి.