లింకు తెరవకముందే చదివే మూడు వరుసలు: వాట్సాప్ ప్రివ్యూ ఎలా తయారవుతుంది?

వాట్సాప్‌లో ఎవరైనా ఒక వెబ్‌సైట్ లింకు పంపితే, దాంతోపాటు ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో ఒక బొమ్మ, ఒక శీర్షిక, రెండు వరుసల వివరణ, కింద సైటు పేరు ఉంటాయి. దీన్ని లింక్ ప్రివ్యూ అంటారు. చాలామంది లింకు తెరవకుండా ఈ పెట్టెను మాత్రమే చూసి ముందుకు వెళ్లిపోతారు. కాబట్టి వారి వరకు ఆ పేజీ చెప్పిన విషయమంతా ఆ మూడు వరుసలే. అవి తప్పుగా ఉంటే లోపల ఎంత మంచి సమాచారం ఉన్నా ఉపయోగం లేదు. కొన్నిసార్లు కీడు కూడా జరగవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గ్రామీణ ఆరోగ్య సంస్థ పాము కాటుకు ప్రథమ చికిత్స గురించి తెలుగులో ఒక పేజీ తయారుచేసిందనుకుందాం. అందులోని మొదటి వాక్యాలు ఇలా ఉన్నాయి: "పాము కాటు వేసిన చోట బ్లేడుతో కోసి, నోటితో రక్తం పీల్చి, పైన తాడుతో గట్టిగా కట్టాలని చాలామంది నమ్ముతారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు." లోపల చెప్పినదంతా సరైనదే. కానీ ఈ లింకు గ్రామంలోని వాట్సాప్ గ్రూపులో పడినప్పుడు వివరణ ఇలా కనిపించింది:

"పాము కాటు వేసిన చోట బ్లేడుతో కోసి, నోటితో రక్తం పీల్చి, పైన తాడుతో గట్టిగా కట్టా…"

వద్దని చెప్పాల్సిన మాట, చేయమన్నట్టుగా చేరింది. ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే, ఆ పెట్టె ఎక్కడ తయారవుతుందో ముందుగా చూడాలి.

పెట్టెను తయారుచేసేది ఎవరు?

వాట్సాప్‌లో ప్రివ్యూను తయారుచేసేది పంపేవారి ఫోనే. మీరు లింకును టైపు చేయగానే లేదా అతికించగానే, మీ ఫోనులోని యాప్ ఆ పేజీని తెచ్చుకుని, పైభాగంలోని కొన్ని గుర్తులను చదివి, పెట్టెను సిద్ధం చేస్తుంది. తర్వాత అది సందేశంలో భాగమై గుప్తీకరణతో అవతలివారికి వెళుతుంది. సందేశాలను మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు ఉన్నందువల్ల, లింకును వాట్సాప్ సర్వరు తెరిచి చూసే పద్ధతి ఇక్కడ కుదరదు. టెలిగ్రామ్ మామూలు చాట్‌లలో మాత్రం ఆ పనిని కంపెనీ సర్వరే చేసి, ఫలితాన్ని కొంతకాలం దాచుకుంటుంది.

దీనివల్ల రెండు సంగతులు అర్థమవుతాయి. మొదటిది, లింకు అతికించిన వెంటనే పంపేస్తే పెట్టె లేకుండానే సందేశం వెళ్లవచ్చు. నెట్ నెమ్మదిగా ఉన్న చోట ఒకటి రెండు క్షణాలు ఆగి, పెట్టె కనబడ్డాక పంపాలి. రెండోది, వెళ్లిపోయిన సందేశంలోని పెట్టె ఇక మారదు. తర్వాత పేజీని సరిదిద్దినా పాత సందేశంలో పాత మాటలే ఉంటాయి. అందుకే మొదటిసారి పంపేముందే సరిచూసుకోవాలి.

యాప్ చదివే గుర్తులు

ఫేస్‌బుక్ 2010లో ఓపెన్ గ్రాఫ్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక పేజీ తన శీర్షిక ఏమిటో, బొమ్మ ఏదో, వివరణ ఏమిటో తానే ప్రకటించుకునే విధానం ఇది. ఈ గుర్తులు పేజీ కోడ్‌లోని పైభాగంలో ఉంటాయి. పాఠకులకు కనిపించవు. వాట్సాప్, టెలిగ్రామ్ వంటివన్నీ వీటినే వెతుకుతాయి. ఇవి లేకపోతే పేజీ మామూలు శీర్షికతోనో, వెతుకులాట యంత్రాల కోసం రాసిన వివరణతోనో సరిపెట్టుకుంటాయి. అవీ లేకపోతే ఒట్టి లింకే మిగులుతుంది.

మన ఉదాహరణలో సంస్థ వాడిన సాఫ్ట్‌వేర్, వివరణ అంటూ ప్రత్యేకంగా ఏమీ ఇవ్వకపోతే వ్యాసంలోని మొదటి వాక్యాలనే ఆ చోట పెడుతుంది. చాలా సైట్లలో జరిగేది ఇదే. సరిదిద్దిన గుర్తులు ఇలా ఉంటాయి:

```html
<meta charset="utf-8">
<meta property="og:type" content="article">
<meta property="og:url" content="https://example.org/paamu-katu">
<meta property="og:title" content="పాము కాటు వేస్తే వెంటనే ఏం చేయాలి?">
<meta property="og:description" content="వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోయవద్దు, కట్టవద్దు, నోటితో పీల్చవద్దు. కాటు పడిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచండి.">
<meta property="og:image" content="https://example.org/img/paamu-katu-1.jpg">
```

ఇవన్నీ సర్వరు పంపే అసలు కోడ్‌లోనే ఉండాలి. పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్ ద్వారా చేర్చే గుర్తులు సాధారణంగా పనికిరావు. ప్రివ్యూ తయారుచేసే యాప్ పేజీని బ్రౌజరులా నడపదు, వచ్చిన కోడ్‌ను చదివి ఊరుకుంటుంది. బ్రౌజరులో అంతా బాగానే కనిపించి, వాట్సాప్‌లో మాత్రం పెట్టె ఖాళీగా వస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇంకో చిన్న విషయం: శీర్షికలో రెండు గీతల కొటేషన్ గుర్తును నేరుగా వాడితే, యాప్ అక్కడితో శీర్షిక ముగిసిందనుకుంటుంది. దాని బదులు `&quot;` అని రాయాలి.

తెలుగు వాక్యం తోక తెగితే

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. "చేయాలి", "చేయకూడదు" అనే తేడా చివరి పదంలోనే తెలుస్తుంది. "అనేది అపోహ", "అని నమ్ముతారు" వంటి మాటలు ఇంకా చివరకు వస్తాయి. పెట్టెలో స్థలం చాలనప్పుడు యాప్ కోసేది ఆ చివరినే. ఎక్కడ కోస్తుందో ఫోను తెర వెడల్పు మీద, అక్షరాల సైజు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి కచ్చితమైన హద్దు చెప్పలేం. అందువల్ల వివరణ ఎక్కడ తెగినా అర్థం తిరగబడకుండా రాయడమే మార్గం.

పైన చూపిన కొత్త వివరణ అలా రాసినదే. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కొక్కటీ దానంతట అదే పూర్తి. అపోహను చెప్పి తర్వాత ఖండించే బదులు, చేయాల్సిన పని ముందే చెప్పారు. కంప్యూటర్ లెక్కన పాత వివరణను 80 అక్షరాల దగ్గర ఆపితే మిగిలేది "గట్టిగా కట్టా…" అనే ప్రమాదకరమైన ముక్క. కొత్తదాంట్లో 71 అక్షరాలకే ఆసుపత్రి మాట, మూడు "వద్దు"లూ పూర్తవుతాయి. ఆ తర్వాత ఎక్కడ తెగినా నష్టం లేదు.

ఇక్కడ కంప్యూటర్ లెక్క అన్నది ఎందుకంటే, దానికి అక్షరం అంటే మనం అనుకునేది కాదు. "రక్తం" మనకు రెండు అక్షరాలు. యూనికోడ్‌లో ఇది ర, క, పొల్లు, త, సున్న అనే ఐదు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 15 బైట్లు. కొన్ని సైట్లు వివరణను తామే కత్తిరించి పంపుతాయి. పీహెచ్‌పీ భాషలోని `substr` బైట్లను లెక్కపెట్టి కోస్తుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది గానీ, తెలుగులో ఒక సంకేతం మధ్యలోనే తెగిపోయి చివర � అనే గుర్తు మిగలవచ్చు. `mb_substr` పూర్తి సంకేతాలను లెక్కపెడుతుంది. కానీ అది కూడా పొల్లు దగ్గర తెగి "రక్" అని వదలగలదు. కోసే పని యంత్రానికి వదలకుండా, వివరణను మనిషే చిన్నదిగా రాసి పెట్టడం అన్నిటికన్నా మేలు.

తెలుగు బదులు `à°ªà°¾` వంటి పిచ్చి గీతలు కనిపిస్తే కారణం వేరు. అక్షరాలు యూటీఎఫ్-8లోనే ఉన్నా, ఆ సంగతి పేజీ చెప్పలేదన్నమాట. పై కోడ్‌లోని మొదటి వరుస అందుకోసమే. దాన్ని మిగతా గుర్తులకన్నా ముందే పెట్టాలి.

బొమ్మ

బొమ్మ చిరునామా `https://` తో మొదలయ్యే పూర్తి చిరునామాగా ఉండాలి. `/img/...` అని సగం రాస్తే బొమ్మ రాకపోవచ్చు. సైజు 1200×630 పిక్సెళ్లు ఉంటే చాలా యాప్‌లకు సరిపోతుంది. ఫైలు 300 కిలోబైట్లకు మించకుండా చూసుకోవడం క్షేమం. ఫోను కెమెరాతో తీసిన ఫోటోను అలాగే పెడితే అది అనేక మెగాబైట్లు ఉండి, పెట్టెలో బొమ్మ లేకుండా పోయే అవకాశం ఉంది. శీర్షిక, వివరణ సరిగ్గా వచ్చి బొమ్మ ఒక్కటే రాకపోతే ముందుగా ఫైలు బరువు చూడాలి.

కొన్నిచోట్ల యాప్ బొమ్మ అంచులను కోసి చిన్న చదరంగా చూపుతుంది. కాబట్టి ముఖ్యమైనది నడుమన ఉండాలి. వాక్యానికి వర్తించిన జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది. తాడుతో కట్టిన కాలి బొమ్మ వేసి, మూలన ఎర్రటి అడ్డగీత పెడితే, కోతలో ఆ గీత పోయి కట్టు మాత్రమే మిగులుతుంది. పడగ విప్పిన పాము బొమ్మ భయపెడుతుందే తప్ప ఏం చేయాలో చెప్పదు. కదలకుండా బద్ద కట్టిన కాలి బొమ్మ వేస్తే, చదవడం రానివారికి కూడా సరైన పని తెలుస్తుంది.

పంపేముందు పరీక్ష

కంప్యూటర్‌లో ఈ ఆదేశం ఇస్తే, యాప్‌కు కనిపించే గుర్తులే మనకూ కనిపిస్తాయి:

```
curl -s https://example.org/paamu-katu | grep "og:"
```

ఏమీ రాకపోతే గుర్తులు అసలు కోడ్‌లో లేవని, లేదా సర్వరు ఇలాంటి అభ్యర్థనలను అడ్డుకుంటోందని అర్థం. ఇవి వస్తే, లింకును ముందు మీకు మీరే పంపుకుని చూడండి. వీలైతే చిన్న తెర ఉన్న ఫోనులో, అక్షరాల సైజు పెద్దది చేసి చూడండి. వివరణ ఎక్కడ తెగుతుందో, తెగిన చోట అర్థం నిలుస్తుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

బొమ్మ మార్చినా పాతదే వస్తుంటే, యాప్ దాచుకున్న ప్రతినే చూపుతోందన్నమాట. ఫైలు పేరును `paamu-katu-2.jpg` అని మార్చి, గుర్తులోనూ ఆ పేరే రాస్తే దాన్ని కొత్త బొమ్మగా తీసుకుంటుంది. టెలిగ్రామ్‌లోనైతే `@WebpageBot` కు లింకు పంపితే దాచిన ప్రివ్యూ తాజా అవుతుంది. తప్పు ప్రివ్యూ ఇప్పటికే గ్రూపుల్లోకి వెళ్లిపోయి ఉంటే, పేజీని సరిచేయడం ఒక్కటే చాలదు. పాత సందేశాన్ని తొలగించగలిగితే తొలగించి, లింకును మళ్లీ అతికించి కొత్త సందేశం పంపాలి. పాతదాన్ని ఫార్వర్డ్ చేస్తే పాత పెట్టే వెళ్లవచ్చు.

లింకు అందుకునేవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. శీర్షిక, బొమ్మ, వివరణ ఆ పేజీ తన గురించి తాను చెప్పుకున్నవి. వాటిని ఎవరూ తనిఖీ చేయరు. మోసపూరిత సైటు కూడా బ్యాంకు బొమ్మనో, ప్రభుత్వ చిహ్నాన్నో అక్కడ పెట్టుకోవచ్చు. లింకు నొక్కేముందు చూడాల్సింది పెట్టెలోని మెరుపును కాదు, లింకులో ఉన్న అసలు సైటు పేరును.