చివరి రాత్రి భయం లేకుండా అసైన్‌మెంట్: మొదటి ఏడాది విద్యార్థికి పద్నాలుగు రోజుల పద్ధతి

ఇంటర్ దాకా మన పిల్లలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వచ్చాయి. డిగ్రీలో చేరిన మూడు నెలలకే అదే పనిని కాపీ అంటారు. ఈ మార్పును ఎవరూ విడమరచి చెప్పరు. మీరు ఫీజు కట్టి చదివిస్తున్న విద్యార్థి తొలి అసైన్‌మెంట్‌లో సున్నా తెచ్చుకుంటే, అది దురుద్దేశం వల్ల కాక ఈ అయోమయం వల్ల కూడా కావచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బి.ఎ. మొదటి సంవత్సరం విద్యార్థి. విషయం: కాకతీయుల కాలంలో చెరువులు, వ్యవసాయం. 1200 పదాలు రాయాలి, గడువు పద్నాలుగు రోజులు. పగలు కాలేజీ, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటాడు. రాత్రి తొమ్మిది తర్వాత ముప్పావు గంట మాత్రమే అతనికి మిగులుతుంది. అది చాలదని నిరాశపడి, చివరి రాత్రి మేలుకుని రాద్దామనుకుంటాడు. కానీ లెక్క వేస్తే పద్నాలుగు ముప్పావు గంటలు కలిసి పదిన్నర గంటలు. పని జరగడానికి అది చాలు.

ఆ కాలాన్ని ఇలా పంచుకోవాలి. మొదటి రోజు ప్రశ్నను తన మాటల్లో రాసుకోవాలి. తర్వాతి నాలుగు రోజులు చదవడం, నోట్సు. ఆరో రోజు ఏ విషయం తర్వాత ఏది అని ఒక పేజీలో వరుస. ఏడు నుంచి పది వరకు రోజుకు 300 పదాల చొప్పున చిత్తుప్రతి. పదకొండో రోజు దాన్ని ముట్టుకోకూడదు. పన్నెండున పుస్తకాలతో సరిచూడాలి, పదమూడున శుభ్రంగా రాయాలి. పద్నాలుగో రోజు కరెంటు పోవడానికి, జ్వరానికి, ప్రింటు షాపు మూసి ఉండటానికి వదిలేయాలి.

కాపీ చివరి రాత్రి మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి అది నోట్సు రాసే రోజునే మొదలవుతుంది. పుస్తకంలోని వాక్యాలను గుర్తు లేకుండా దించుకుంటే, వారం తర్వాత అవి తనవో పుస్తకానివో అతనికే తెలియదు. అందుకే నోట్సు పేజీని నిలువుగా రెండు భాగాలు చేయాలి. ఎడమవైపు పుస్తకం మాట, కొటేషన్ గుర్తుల మధ్య, పేజీ నంబరుతో. కుడివైపు తనకు అర్థమైనది.

పుస్తకంలో ఇలా ఉందనుకుందాం: “కాకతీయ పాలకులు, సామంతులు చెరువులు తవ్వించి మెట్ట భూములను సాగులోకి తెచ్చారు, తద్వారా రాజ్యాదాయం పెరిగింది.” భయంలో ఉన్న విద్యార్థి ఇలా మారుస్తాడు: “కాకతీయ రాజులు, సామంతులు తటాకాలు నిర్మించి మెట్ట పొలాలను సాగులోకి తేవడంతో రాజ్యానికి ఆదాయం హెచ్చింది.” నాలుగు మాటలు మారాయి, వాక్యం నడక మారలేదు. ఇదీ కాపీయే.

పుస్తకం మూసి రాస్తే వేరుగా వస్తుంది: “చెరువు వల్ల లాభం రైతు ఒక్కడికే కాదు. నీరు అందితే పంట, పంట ఉంటే పన్ను. గణపతిదేవుడి సామంతుడైన రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడితోపాటు చెరువు కూడా ఎందుకు కట్టించాడో ఇక్కడ అర్థమవుతుంది.” ఇక్కడ విద్యార్థి ఆలోచన కనిపిస్తోంది. అయినా ఆధారం పుస్తకానిదే కనుక దాని పేరు, పేజీ తప్పక వేయాలి.

మూసి రాయలేకపోతే బద్ధకమని తిట్టకండి. సరిగా అర్థం కాలేదన్నమాట. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు ఆ పేరాను ఇంట్లో మాట్లాడే భాషలో తమ్ముడికో స్నేహితుడికో చెప్పి, వెంటనే రాయాలి. నోటితో చెప్పలేని భాగాన్ని మళ్లీ చదవాలి.

ఈ పద్ధతి తప్పుతోందని తెలిసే గుర్తు ఒకటుంది. ఎనిమిదో రోజు రాత్రికి సొంతంగా రాసిన పేరా ఒక్కటీ లేకపోతే, మరునాడే అధ్యాపకుడి దగ్గరకు వెళ్లి, ఉన్న నోట్సు చూపించి గడువు అడగాలి. ఆరు రోజుల ముందు నోట్సుతో వచ్చి అడిగినవాడి మాట వినే అధ్యాపకులున్నారు. గడువు దొరక్కపోయినా, 800 పదాల సొంత రాత ఇస్తే కొన్ని మార్కులే పోతాయి. కాపీ దొరికితే మొత్తం పోతాయి, స్కాలర్‌షిప్ సిఫార్సు కూడా చిక్కుల్లో పడవచ్చు.

కాబట్టి మీరు సాయపడుతున్న విద్యార్థికి ఫోన్ చేసినప్పుడు “మార్కులెన్ని?” అనే ముందు “చిత్తుప్రతి ఎందాకా వచ్చింది బాబూ?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న గడువుకు వారం ముందు వినిపిస్తే, చివరి రాత్రి అతను పక్కవాడి కాగితం కోసం వెతకాల్సిన అవసరం రాకపోవచ్చు.