ఇంట్లో సిగ్నల్ అందట్లేదా, టవరే ఆగిపోయిందా?

ఫోన్ మాటిమాటికీ కట్ అవుతుంటే కంపెనీని నిలదీసే హక్కు మీకుంది. అయితే టవర్ ఆగిపోవడం వేరు, టవర్ పనిచేస్తున్నా దూరం వల్లో గోడల వల్లో సిగ్నల్ తగ్గడం వేరు. ఈ రెంటికీ దొరికే పరిహారం ఒకటి కాదు. అందుకే 198కి ఫోన్ చేసే ముందే ఏది జరిగిందో తేల్చుకోవాలి.

అమ్రాబాద్‌లో మందపాటి రాతిగోడలు, పైన ఇనుప రేకులు ఉన్న ఇల్లు అనుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో Settings, About phone, SIM status తెరిస్తే Signal strength దగ్గర dBm అంకె కనిపిస్తుంది. 4జీ మీద ఇంట్లో -118, వాకిట్లో -98 ఉందనుకుందాం. మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. 20 తేడా అంటే లోపలికి వచ్చేసరికి వందో వంతే మిగిలినట్టు. ఇది గోడలూ రేకులూ చేసిన పని. ఆరుబయట కూడా -115 దగ్గరే ఉంటే టవర్ దూరంగానైనా ఉండాలి, మధ్యలో గుట్ట అడ్డమైనా ఉండాలి.

టవర్ ఆగితే వాకిట్లోకి వచ్చినా, మేడెక్కినా ఫలితం ఉండదు. పక్కింట్లో అదే కంపెనీ సిమ్‌కూ అదే పరిస్థితి. పక్కింటి ఫోన్ బాగుండి మీదొక్కటే పనిచేయకపోతే, మీ సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసి చూడండి. ఒక్కోసారి గీతలు నిండుగా ఉంటాయి, నెట్ మాత్రం రాదు. గీతలు చెప్పేది మీ ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సంగతే. టవర్ నుంచి అవతలికి వెళ్లే కేబుల్ తెగితే అవి తగ్గవు. దీన్ని బలహీన సిగ్నల్ అని ఒప్పుకోకండి.

ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ 24 గంటలు దాటి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు వ్యాలిడిటీ పెంచాలి. ఇక్కడే ఒక చిక్కుంది. అమ్రాబాద్‌లో ఒక్క టవర్ ఆగినంత మాత్రాన ఈ తగ్గింపు దానంతట అది రాదు. అప్పుడు సేవాలోపం కింద ఫిర్యాదు చేయాలి.

ఇంట్లో మాత్రమే సిగ్నల్ తగ్గుతుంటే కేసు బలహీనం. ఆరుబయటే అందకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లోని కవరేజీ మ్యాప్ చూడండి. అలాంటి మ్యాప్‌లు పెట్టడం కంపెనీల బాధ్యత. మీ ఊరికి 4జీ ఉందని మ్యాప్ చూపిస్తూ వాకిట్లో కూడా రాకపోతే, ఆ మ్యాప్‌నూ dBm అంకెనూ తేదీ, సమయంతో స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. అవే మీ సాక్ష్యం.

198లో డాకెట్ నంబర్ తప్పక అడిగి రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయండి, దానికి ఫీజు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. టెలికాం వివాదాలు కమిషన్ పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో తోసిపుచ్చింది. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడా ఫీజు కట్టక్కర్లేదు. కాకపోతే సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపే కేసు వేయాలి.