పరగడుపున బూడిద గుమ్మడి రసం: ఎంత, ఎలా?

ప్రశ్న: నా వయసు 46. షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటాను. బరువు తగ్గాలని పది రోజులుగా టిఫిన్ మానేసి, పొద్దున్నే అర లీటరు బూడిద గుమ్మడికాయ రసం వడగట్టి, రెండు చెంచాల తేనె కలుపుకుని తాగుతున్నాను. రెండు కిలోలు తగ్గాను. కానీ పదకొండింటికల్లా చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. కొనసాగించవచ్చా?
- ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఈ పద్ధతి రేపటి నుంచే ఆపేయండి. మీరు వేసుకునే మాత్ర కడుపులో తిండి ఉన్నా లేకపోయినా షుగర్‌ను దించుతుంది. ఆ వణుకూ చెమటా షుగర్ పడిపోతోందనడానికి గుర్తులు. అలా అనిపించగానే మీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకుని, తర్వాత ఏదైనా తినండి. మీటరు దగ్గర లేకపోతే ముందు పంచదార నీళ్లు తాగేయండి. ఈ వారమే మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

ఇక బరువు సంగతి. బూడిద గుమ్మడిలో 96 శాతం దాకా నీరే. గ్లాసు రసంలో ముప్పై కేలరీలు కూడా ఉండవు. మీరు కలిపే తేనెలో అంతకంటే ఎక్కువే, నలభై పైన ఉంటాయి. కొవ్వు కరిగించే గుణమేదో రసంలో ఉండి మీరు తగ్గలేదు, టిఫిన్ మానేసినందుకు తగ్గారు. అందులోనూ మొదటి రోజుల్లో పోయేది ఎక్కువగా ఒంట్లోని నీరే. తిండి మళ్లీ మొదలుపెడితే అది తిరిగి వస్తుంది.

తాగాలనిపిస్తే రోజుకు ఒక చిన్న గ్లాసు, 150 నుంచి 200 మిల్లీలీటర్లు చాలు. చెక్కూ గింజలూ తీసి, మిక్సీ పట్టి, వడగట్టకుండా అప్పటికప్పుడు తాగండి. పీచు ఉంటేనే కాస్త ఆకలి ఆగుతుంది. తేనె వద్దు. దానితోపాటు రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో తప్పకుండా తినండి. ఒంటికి నీరు అందడమంటారా, అది గ్లాసు మంచినీళ్లతో సమానం. అంతే లెక్క వేసుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఏ కూరగాయ రసమూ మొదలుపెట్టకూడదు.

ప్రశ్న: బీరకాయ రసం ఒకరోజు చేదుగా ఉంది. చేదు ఒంటికి మంచిదని మా అత్తగారు తాగమన్నారు. తాగవచ్చా?
- ఒక ఉద్యోగిని, ఒంగోలు

జవాబు: ఒక్క గుక్క కూడా వద్దు. కాకరకాయ చేదు వేరు, దీని చేదు వేరు. చేదెక్కిన బీర, సొర, దోసల్లో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా, ఉప్పో నిమ్మరసమో కలిపినా అది పోదు. కూరలో అయితే మొదటి ముద్దకే తెలిసి పక్కన పెట్టేస్తాం. రసమైతే ముక్కు మూసుకుని గ్లాసంతా గడగడా తాగేస్తాం, ప్రమాదమంతా అక్కడే. పెద్దవాళ్లు బీరకాయ తరిగేటప్పుడు కొస ముక్క నోట్లో వేసుకుని చూసేది ఇందుకే. మీరూ ప్రతి కాయకూ అలాగే చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి.

పొరపాటున తాగాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, కళ్లు తిరగడం మొదలైతే, ముఖ్యంగా వాంతిలో రక్తం కనిపిస్తే, మజ్జిగ తాగి చూద్దామని ఇంట్లో ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, చేదు రసం తాగామని డాక్టరుకు ముందే చెప్పండి.